స్పిన్‌లాక్: టెస్ట్-అండ్-సెట్ నిర్మాణం, పోటీవేళ ప్రాసెసర్ కాలవ్యయం

వ్యాససంగ్రహం: ఒకే దత్తాంశాన్ని అనేక థ్రెడ్లు మార్చే చోట వాటి మధ్య క్రమాన్ని నిలిపే అతి సరళమైన సాధనం స్పిన్‌లాక్. టెస్ట్-అండ్-సెట్ అనే అవిభాజ్య ఆదేశంతో దానిని ఎలా నిర్మిస్తారో, తాళం కోసం పోటీ పెరిగినప్పుడు అది ప్రాసెసర్ కాలాన్ని ఏయే విధాలుగా వృథా చేస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది. ఎదురుచూసేవారి కాలం వృథా కావడం ఒక ఎత్తు, వారి ఎదురుచూపు తాళం పట్టుకున్నవారి పనిని కూడా ఆలస్యం చేయడం మరొక ఎత్తు. ఈ రెండింటినీ వేరుచేసి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: స్పిన్‌లాక్, టెస్ట్-అండ్-సెట్, థ్రెడ్, షెడ్యూలర్, క్యాష్, అవిభాజ్య చర్య.

1. ప్రవేశిక

ఒక ప్రోగ్రాములో ఒకే మెమరీని పంచుకుంటూ సమాంతరంగా సాగే పనులను థ్రెడ్లు అంటారు. రెండు థ్రెడ్లు `count` అనే ఒకే చలరాశికి ఒక్కొక్కటి పది లక్షల సార్లు ఒకటి కలుపుతున్నాయనుకుందాం. చివరకు ఇరవై లక్షలు రావాలి. రక్షణ ఏదీ లేకుండా నడిపితే చాలాసార్లు అంతకంటే తక్కువ వస్తుంది. కారణం, `count++` అని మనం ఒక మాటగా రాసినది సాధారణంగా ప్రాసెసర్‌కు మూడు అడుగుల పని కావడమే. మెమరీలోని విలువను తెచ్చుకోవాలి, దానికి ఒకటి కలపాలి, తిరిగి రాయాలి. మొదటి థ్రెడ్ 50 అనే విలువను తెచ్చుకొని ఇంకా తిరిగి రాయకముందే రెండవ థ్రెడ్ కూడా 50నే తెచ్చుకుంటే, ఇద్దరూ 51నే రాస్తారు. రెండు కలపడాలు జరిగి ఒకటే మిగులుతుంది.

ఈ మూడు అడుగుల మధ్య మరొకరు చొరబడకుండా కాపాడవలసిన ప్రోగ్రాము భాగాన్ని ఈ వ్యాసంలో కీలకభాగం అంటున్నాను. లోపలికి వెళ్లేటప్పుడు తాళం పట్టుకోవాలి, బయటికి వచ్చేటప్పుడు వదలాలి. తాళం దొరకనివారు ఏం చేయాలన్నదే ప్రశ్న. దొరికేవరకు ఆగకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉండడమే స్పిన్‌లాక్ ఇచ్చే సమాధానం.

పేరు గురించి ఒక మాట. స్పిన్‌లాక్‌ను ‘తిరుగుడు తాళం’ అని మాటకు మాట అనువదిస్తే తాళమే తిరుగుతున్నదన్న అర్థం వస్తుంది. నిజానికి తాళం కదలదు. దాని కోసం వచ్చిన ప్రాసెసర్ ఒకే లూపులో గిరగిరా తిరుగుతుంది. అందుచేత సాధనానికి స్పిన్‌లాక్ అనే పేరునే ఉంచి, దాని లోపలి చలరాశిని తాళం అని వ్యవహరిస్తున్నాను.

2. చూడడం, పట్టుకోవడం: రెండు పనులు ఒకటి కావాలి

తాళం అంటే మెమరీలోని ఒక చలరాశి మాత్రమే. దాని విలువ 0 అయితే తాళం ఖాళీగా ఉన్నట్టు, 1 అయితే ఎవరో పట్టుకున్నట్టు. మొదట ఎవరికైనా తోచే పద్ధతి ఇది:

```c
while (lock == 1)
    ;
lock = 1;
```

తాళం 1గా ఉన్నంతసేపు తిరుగు, 0 కాగానే 1 చెయ్యి. చదవడానికి సవ్యంగానే ఉంది. కానీ మనం తప్పించాలనుకున్న దోషమే ఇందులో మళ్లీ తలెత్తింది. మొదటి థ్రెడ్ తాళంలో 0 చూసింది. ఇంకా 1 రాయలేదు. ఆ సందులో రెండవ థ్రెడ్ కూడా 0 చూసింది. ఇద్దరూ 1 రాశారు, ఇద్దరూ కీలకభాగంలోకి వెళ్లారు. ఒకే బెర్తు ఖాళీగా ఉందని రెండు కౌంటర్లలో ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి చూసి ఇద్దరికీ రాసి ఇచ్చినట్టయింది. చూసినప్పుడు ఇద్దరి సమాచారమూ నిజమే. చూడడానికీ రాయడానికీ మధ్య వ్యవధి ఉండడమే అనర్థానికి మూలం.

ప్రోగ్రాము రాసేవారు ఎంత జాగ్రత్తగా ఉన్నా, ఈ రూపంలో ఆ వ్యవధిని పూడ్చలేరు. సాధారణమైన చదవడం, రాయడం మాత్రమే వాడి పరస్పర నిరోధాన్ని సాధించే గణనవిధానాలు లేకపోలేదు. ఇద్దరికి సరిపోయే పీటర్సన్ విధానం (1981) వాటిలో ప్రసిద్ధం. అయితే నేటి ప్రాసెసర్లు మెమరీ చర్యల క్రమాన్ని మార్చగలవు కనుక, అదనపు ఏర్పాట్లు లేకుండా అవి కూడా నిలవవు. అందువల్ల హార్డ్‌వేరే ఒక ప్రత్యేక ఆదేశాన్ని ఇస్తుంది. అది పాత విలువను చూసి చెబుతుంది, కొత్త విలువను రాస్తుంది. ఈ రెంటి మధ్య మరే ప్రాసెసర్ ఆ చోటును తాకలేదు. దీనినే టెస్ట్-అండ్-సెట్ అంటారు. 1964లో ప్రకటించిన ఐబీఎం సిస్టమ్/360లో ఈ పేరుతోనే ఒక ఆదేశం ఉంది. ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో `xchg`, రిస్క్-వీలో `amoswap` ఆ పనికే ఉపయోగపడతాయి. ‘అటామిక్’ అనే విశేషణానికి ఇక్కడ అవిభాజ్యం అనే అర్థం. వేగమైనదని కాదు, చిన్నదని కూడా కాదు.

సీ భాషలో 2011 ప్రమాణం నుంచి ఈ చర్యలు భాషలోనే భాగంగా ఉన్నాయి. వాటితో స్పిన్‌లాక్ ఇలా ఉంటుంది:

```c
#include <stdatomic.h>

atomic_int lock = 0;

void acquire(void) {
    while (atomic_exchange(&lock, 1) == 1)
        ;
}

void release(void) {
    atomic_store(&lock, 0);
}
```

`atomic_exchange` తాళంలో 1 రాసి, అంతకుముందు అక్కడున్న విలువను తిరిగి ఇస్తుంది. తిరిగి వచ్చినది 0 అయితే తాళం ఇప్పటిదాకా ఖాళీగా ఉన్నదనీ, ఇప్పుడు మనదైందనీ అర్థం. 1 వస్తే అది వేరొకరి చేతిలో ఉంది. మనం 1 మీద మళ్లీ 1 రాశాం కనుక ఏమీ మారలేదు. ఎంతమంది ఒకేసారి ప్రయత్నించినా హార్డ్‌వేర్ వారిని ఒకరి తరువాత ఒకరిగా వరుసపెడుతుంది. ఆ వరుసలో మొదటివారికి మాత్రమే 0 దక్కుతుంది. వదిలేటప్పుడు మామూలు `lock = 0` రాయకుండా అటామిక్ చలరాశిలోనే రాయడానికీ కారణముంది. కీలకభాగంలో రాసినవన్నీ ఇతరులకు కనబడిన తరువాతే తాళం ఖాళీ అయినట్టు కనబడాలి. ఆ క్రమాన్ని ఈ చర్య హామీ ఇస్తుంది.

నిర్మాణం ఇంతే. సరిగా పనిచేస్తుందా అంటే చేస్తుంది. ఇరవై లక్షలూ లెక్కకు వస్తాయి. ఎంత ఖర్చుతో వస్తాయన్నది వేరే విచారణ.

3. ఒకే కోర్ ఉన్నచోట

మొదట ఒకే ప్రాసెసర్ కోర్‌పై నాలుగు థ్రెడ్లు నడుస్తున్న సందర్భాన్ని తీసుకుందాం. వాటిని క, గ, చ, ట అందాం. షెడ్యూలర్ వంతులవారీగా ఒక్కొక్కదానికి 10 మిల్లీసెకన్లు ఇస్తున్నది. క తాళం పట్టుకొని కీలకభాగంలో ఉండగా దాని వంతు ముగిసింది. షెడ్యూలర్‌కు తాళం సంగతి తెలియదు, దాని దృష్టిలో అది మెమరీలోని ఒక అంకె మాత్రమే. గ వంతు వచ్చింది. గ తాళం కోసం ప్రయత్నించింది, 1 వచ్చింది, మళ్లీ ప్రయత్నించింది. ఈ 10 మిల్లీసెకన్లలో తాళం విడుదలయ్యే అవకాశం ఏమాత్రం లేదు. దానిని వదలవలసిన క నడవాలంటే కావలసిన కోర్‌ను గ యే ఆక్రమించుకొని ఉంది. ఎవరి రాక కోసం ఎదురుచూస్తున్నామో వారి దారికే అడ్డంగా నిలబడడం అంటే ఇదే. తరువాత చ, ట కూడా ఇదే పని చేస్తాయి. 30 మిల్లీసెకన్లు గడిచాక క మళ్లీ వచ్చి, బహుశా ఒక మైక్రోసెకనులోపే, తాళం వదులుతుంది.

ఈ వృథా ఎంత తరచుగా జరుగుతుందన్నది కీలకభాగం ఎంత కాలం ఆక్రమిస్తుందన్న దానిపై ఆధారపడుతుంది. థ్రెడ్ తన పనిలో నూరోవంతు మాత్రమే తాళం పట్టుకొని గడుపుతుందనుకుందాం. వంతు ముగిసే క్షణం కీలకభాగంలో పడే అవకాశం నూటికి ఒకటి. అంటే సగటున నూరు ఉపయోగకరమైన వంతులకు ఒకసారి మూడు వంతులు వృథా. ఇది భరించదగినదే. కానీ పనిలో సగం కాలం తాళంతోనే గడిచే ప్రోగ్రాములో, సగటున రెండు ఉపయోగకరమైన వంతులకు ఒకసారి మూడు వంతులు వృథా అవుతాయి. ప్రాసెసర్ కాలంలో ఐదింట మూడు పాళ్లు ఏ పనీ జరగకుండా పోయినట్టు. మన `count` ఉదాహరణలో తాళం పట్టడం, ఒకటి కలపడం, వదలడం తప్ప వేరే పని లేదు కనుక అది ఈ రెండవ కోవకే చేరుతుంది. థ్రెడ్ల సంఖ్య పెరిగితే ‘మూడు’ అన్నచోట ఇంకా పెద్ద సంఖ్య వస్తుంది. ఎన్ని థ్రెడ్లున్నాయో అందులో ఒకటి తక్కువ.

ప్రాధాన్యక్రమాన్ని కచ్చితంగా పాటించే షెడ్యూలర్ ఉంటే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. తక్కువ ప్రాధాన్యం గల థ్రెడ్ తాళం పట్టుకొని ఉండగా ఎక్కువ ప్రాధాన్యం గలది మేల్కొని అదే తాళం కోసం తిరగడం మొదలుపెట్టిందనుకోండి. పెద్దది నడవడానికి సిద్ధంగా ఉన్నంతకాలం చిన్నదానికి వంతు రాదు. చిన్నది నడవనిదే తాళం రాదు. ఒకే కోర్‌పై ఈ నిరీక్షణకు అంతమే లేదు. ఆలస్యం కాస్తా స్తంభనగా మారుతుంది.

4. అనేక కోర్లు ఉన్నచోట

కోర్లు ఎక్కువైతే ఈ ఇబ్బంది తీరుతుందనిపిస్తుంది. క ఒక కోర్‌పై పనిచేస్తుంటే గ మరొక కోర్‌పై తిరుగుతూ ఉంటుంది. క త్వరగానే వదులుతుంది, గ వెంటనే పట్టుకుంటుంది. కీలకభాగం చిన్నదై, ఎదురుచూసేవారు ఒకరిద్దరే అయితే ఇది నిజమే. నిద్రపోయి మేల్కొనే ఖర్చుకంటే ఒక మైక్రోసెకను తిరగడం చవక. స్పిన్‌లాక్ సమర్థనీయమయ్యేది ఇక్కడే.

ఎదురుచూసేవారి సంఖ్య పెరిగితే లెక్క మారుతుంది. ఎనిమిది కోర్లపై ఎనిమిది థ్రెడ్లు ఒకేసారి తాళం దగ్గరికి వచ్చాయనీ, ఒక్కొక్కటి దానిని ఒక మైక్రోసెకను పట్టుకుంటుందనీ అనుకుందాం. మొదటిది ఎదురుచూడదు, రెండవది ఒకటి, మూడవది రెండు, ఇలా ఎనిమిదవది ఏడు మైక్రోసెకన్లు తిరుగుతుంది. మొత్తం 28. కీలకభాగంలో జరిగిన అసలు పని ఎనిమిది మైక్రోసెకన్లు మాత్రమే. థ్రెడ్ల సంఖ్య n అయితే ఈ వృథా n(n−1)/2 చొప్పున, అంటే దాదాపు వర్గం ప్రకారం పెరుగుతుంది. తాళం చేతులు మారడానికి కాలమే పట్టదన్న ఊహతో వేసిన లెక్క ఇది. వాస్తవంలో ఆ చేతులు మారడమే అన్నిటికంటే ఖరీదైన అంశం కావచ్చు.

ఎందుకో తెలియాలంటే క్యాష్ గురించి కొంత చెప్పుకోవాలి. ప్రతి కోర్ తనకు దగ్గరగా ఒక చిన్న మెమరీని ఉంచుకొని, కావలసిన దత్తాంశపు నకలును అందులోకి తెచ్చుకుంటుంది. నకలు తెచ్చుకునేది ఒక్కొక్క అంకెగా కాదు, గుత్తిగా. ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో ఆ గుత్తి 64 బైట్లు. నియమం ఏమిటంటే, చదవడానికైతే ఎన్ని కోర్ల దగ్గరైనా ఆ గుత్తి నకళ్లు ఉండవచ్చు. రాయడానికైతే అది ఒకే కోర్ సొంతం కావాలి, మిగిలిన నకళ్లన్నీ రద్దు కావాలి.

ఇప్పుడు మన `acquire`ను మళ్లీ చూద్దాం. `atomic_exchange` ప్రతిసారీ రాస్తుంది. తాళం దొరకనప్పుడు కూడా 1 మీద 1 రాస్తుంది. ఆ రాతవల్ల విలువ మారదని మనకు తెలుసు, హార్డ్‌వేర్‌కు ముందుగా తెలియదు. కనుక తిరుగుతున్న ప్రతి కోరూ ప్రతి ప్రయత్నంలోనూ ఆ గుత్తిని సొంతం చేసుకోవాలి, అంటే పక్క కోర్ దగ్గర నుంచి లాక్కోవాలి. ఏడుగురు ఎదురుచూస్తుంటే ఆ గుత్తి ఏడు కోర్ల మధ్య బంతిలా ఎగురుతూ ఉంటుంది. కోర్లను కలిపే మార్గమంతా ఫలితంలేని ఈ రాకపోకలతో నిండిపోతుంది.

వ్యాసారంభంలో చెప్పిన రెండవ నష్టం ఇక్కడ బయటపడుతుంది. తాళం పట్టుకున్న కోర్ పని ముగించి 0 రాయాలి. రాయాలంటే దానికీ ఆ గుత్తి సొంతం కావాలి. కానీ అది ఎదురుచూసేవారి చేతుల్లో తిరుగుతున్నది. తాళం ఇవ్వడానికి వచ్చినవాడు తాళం అడిగేవారి వెనుక వరుసలో నిలబడవలసి వస్తుంది. `count` చలరాశి కూడా దురదృష్టవశాత్తూ అదే 64 బైట్లలో పడితే, ఒకటి కలపడానికి సైతం ప్రతిసారీ ఇదే తోపులాట. ఎదురుచూపు ఎదురుచూసేవారి కాలాన్ని తినడంతో ఆగక, పని జరిగే వేగాన్నే తగ్గిస్తుంది. అందుకే ఇటువంటి తాళంతో కోర్లు పెంచినకొద్దీ మొత్తం పని నెమ్మదించడం కనిపిస్తుంది.

దీనికి తొలి ఉపశమనం రుడాల్ఫ్, సెగాల్ 1984లో సూచించారు. రాసే ప్రయత్నానికి ముందు ఊరికే చదివి చూడాలి:

```c
void acquire(void) {
    while (atomic_exchange(&lock, 1) == 1)
        while (atomic_load(&lock) == 1)
            ;
}
```

లోపలి లూపు చదవడం మాత్రమే చేస్తుంది కనుక ప్రతి కోరూ తన నకలునే చూస్తూ తిరగవచ్చు. మార్గంపై రద్దీ ఉండదు. తాళం విడుదలైనప్పుడు నకళ్లు రద్దయి, అందరూ కొత్త విలువ తెచ్చుకొని, అందరూ ఒకేసారి రాయడానికి ఎగబడతారు. అంటే నిరంతర రద్దీ పోయి, విడుదల సమయపు రద్దీ మిగిలింది. కీలకభాగం చాలా చిన్నదైతే విడుదలలు అంత దగ్గరదగ్గరగా వస్తాయి, కాబట్టి లాభం పరిమితమే. థామస్ ఆండర్సన్ 1990లో ప్రచురించిన పరిశోధన ఈ తేడాలను కొలిచి చూపింది. విఫలమైన ప్రతిసారీ ఆగే వ్యవధిని పెంచుకుంటూ పోవడం, లేదా ఎదురుచూసే ప్రతివారికీ వేరే గుత్తిలో వేరే చోటు ఇచ్చి వరుసలో నిలపడం అనే మార్గాలను అందులో పరిశీలించారు. ప్రోగ్రామర్లు చాలామంది మొదటిదానితో తృప్తిపడతారు. పోటీ నిజంగా తీవ్రమైన చోట రెండవదే నిలబడుతుందని నా అభిప్రాయం.

5. వృథాను గుర్తించడం

ఈ దోషం తనను తాను దాచుకుంటుంది. తిరుగుతున్న థ్రెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ కంటికి కష్టపడి పనిచేస్తున్న థ్రెడ్‌లాగే కనిపిస్తుంది. `top` చూపే 100 శాతం వినియోగం చూసి యంత్రం పూర్తిగా సద్వినియోగమవుతున్నదని పొరబడే అవకాశం ఉంది. లినక్స్‌లో ప్రోగ్రామును `time` ఆదేశంతో నడిపితే `real`, `user`, `sys` అనే మూడు కాలాలు వస్తాయి. నాలుగు కోర్లపై నాలుగు థ్రెడ్లు నడుపుతున్నప్పుడు `user` కాలం `real` కాలానికి నాలుగు రెట్లకు దగ్గరగా ఉండి, పూర్తయిన పని మాత్రం ఒక్క థ్రెడ్‌తో అయినదానికంటే పెరగకపోతే స్పిన్‌ను అనుమానించాలి. థ్రెడ్లను నిద్రపుచ్చే తాళమైతే ఎదురుచూసిన కాలం `user` లెక్కలోకి రాదు. అనుమానాన్ని నిర్ధారించడానికి `perf top` నడిపితే, కాలంలో అధికభాగం `acquire` అనే చిన్న ఫంక్షన్‌లోనే పోతున్నట్టు కనిపిస్తుంది.

6. నిద్రించే తాళాలు, కర్నెల్ ప్రత్యేకత

తిరగడానికి బదులు వంతును వదులుకోవచ్చు. 3వ భాగంలోని ఉదాహరణలో గ, చ, ట ఒక్కసారి ప్రయత్నించి `sched_yield()` పిలిస్తే 30 మిల్లీసెకన్ల వృథా మూడు థ్రెడ్ మార్పిళ్ల ఖర్చుకు, అంటే కొన్ని మైక్రోసెకన్లకు తగ్గుతుంది. ఇంకా మంచిది, తాళం వదిలేవారే లేపేదాకా నిద్రపోవడం. లినక్స్‌లోని `futex` అందుకు ఆధారం. అయితే నిద్రకూ మేల్కొలుపుకూ ఖర్చు ఉంది. అనేక కోర్లున్నచోట తాళం మరుక్షణమే విడుదలయ్యేదైతే ఆ ఖర్చు దండగ. అందుచేత కొద్దిసేపు తిరిగి, అప్పటికీ దొరకకపోతే నిద్రపోయే మధ్యేమార్గం వాడుకలో ఉంది. ఎంతసేపు తిరగాలన్నదానికి ఒక చక్కని తర్కం ఉంది. నిద్రకయ్యే ఖర్చు ఎంతో అంతసేపే తిరిగితే, భవిష్యత్తు తెలియకపోయినా, తెలిసినవారికి అయ్యే ఖర్చుకు రెట్టింపు ఎన్నడూ మించదు. తాళం ముందే దొరికితే తిరగడమే సరైన నిర్ణయం. దొరకకపోతే తిరిగిన ఖర్చు ఒకటి, నిద్ర ఖర్చు ఒకటి, అంతే.

మరి ఆపరేటింగ్ సిస్టమ్ కర్నెళ్లు స్పిన్‌లాక్‌లను ధారాళంగా ఎలా వాడుతున్నాయి? ఎం.ఐ.టి.లో బోధనకు రూపొందించిన ఎక్స్‌వీ6 కర్నెల్‌లోని `acquire`ను చదివితే సమాధానం దొరుకుతుంది. టెస్ట్-అండ్-సెట్ లూపు కంటే ముందు అందులో `push_off()` అనే పిలుపు ఉంటుంది. అది ఆ కోర్‌పై అంతరాయాలను ఆపివేస్తుంది. అంతరాయం రాకపోతే టైమర్ వంతును లాక్కోలేదు. తాళం పట్టుకున్నవారు మధ్యలో పక్కకు నెట్టబడరు. 3వ భాగంలోని ప్రమాదమంతా ఆ ఒక్క పిలుపుతో తొలగిపోతుంది. లినక్స్ కర్నెల్‌లో `spin_lock` కూడా సాధారణ ఆకృతిలో తాళం పట్టుకున్న థ్రెడ్‌ను మరొకటి తప్పించకుండా చూస్తుంది. సాధారణ ప్రోగ్రాముకు ఈ అధికారం లేదు. ఒకే రకమైన లూపు కర్నెల్‌లో సమంజసంగానూ, అప్లికేషన్‌లో వృథాగానూ మారడానికి ఇదే కారణం.

కర్నెల్‌కున్న ఈ అధికారం కూడా వర్చువల్ యంత్రంలో పలచబడుతుంది. అతిథి కర్నెల్ అంతరాయాలను ఆపినా, కింద ఉన్న హైపర్‌వైజర్ దాని వర్చువల్ కోర్‌నే మొత్తంగా పక్కన పెట్టగలదు. తాళం పట్టుకున్న వర్చువల్ కోర్ నిలిచిపోతే, మిగిలినవి పాత కథలోని గ, చ, టల్లా తిరుగుతాయి. ఇక్కడ న్యాయమైన వరుస పెట్టడం మరింత హాని చేస్తుంది. లినక్స్ 2.6.25 (2008) నుంచి ఇంటెల్ తరహా యంత్రాలపై వచ్చిన స్పిన్‌లాక్ టోకెన్ల పద్ధతిది, ముందు వచ్చినవారికే ముందు. టెస్ట్-అండ్-సెట్‌లో లేని న్యాయం అందులో ఉంది. కానీ వర్చువల్ యంత్రంలో తరువాతి టోకెన్ గల కోర్ పక్కన పెట్టబడి ఉంటే, తాళం ఖాళీగా ఉన్నా, దాని వెనుకవారు నడుస్తూ ఉన్నా, ఎవరూ దానిని ముట్టుకోలేరు. 4.2 (2015)లో వచ్చిన వరుస స్పిన్‌లాక్‌కూ ఇదే బలహీనత ఉంది. హైపర్‌వైజర్ సహకరించే చోట ఎదురుచూసే వర్చువల్ కోర్ కొంత తిరిగి ఆగిపోయి, తన వంతు వచ్చినప్పుడు లేపించుకుంటుంది. సహకారం లేదని గుర్తించిన చోట, ఇంటెల్ తరహా యంత్రాలపై లినక్స్ తన వరుసను వదిలిపెట్టి, ముందుగా చదివి చూసే టెస్ట్-అండ్-సెట్ లూపుకే మళ్లుతుంది. నడుస్తున్నవారిలో ఎవరైనా దానిని అందుకోవచ్చు కనుక.